కాంట్రాక్ట్ నోటు చదివే పద్ధతి: కొన్న షేర్ల నుంచి బ్యాంకు పద్దు దాకా

మిర్యాలగూడలో మా మేనమామ చాలా ఏళ్లు రైస్ మిల్లులో గుమాస్తాగా పని చేశారు. లెక్కల్లో పైసా తేడా వచ్చినా ఊరుకునే మనిషి కాదు. ఈమధ్య నల్గొండలోని ఒక బ్రోకర్ కార్యాలయంలో ఖాతా తెరిచి, ఒక సోమవారం ఒకే కంపెనీవి 120 షేర్లు కొన్నారు. మరునాడు పొద్దున్నే ఫోను చేశారు.

"బ్యాంకు నుంచి యాభై వేలు వెళ్లాయి. యాప్‌లో చూస్తే నేను పెట్టిన డబ్బు 49,498 రూపాయల 50 పైసలు అంటోంది. మెయిల్‌లో వచ్చిన కాగితంలో 49,731 రూపాయల 52 పైసలు ఉంది. ఆ లెక్కన నాకు ఇంకా 268 రూపాయలు మిగలాలి కదా? మిగలకపోగా నేనే 85 రూపాయల 52 పైసలు బాకీ ఉన్నానట. వీటిలో ఏది నిజం?"

అన్నీ నిజమే. ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకు జవాబు. 49,498.50 అనేది షేర్ల ధర. 49,731.52 అనేది ఆ కొనుగోలుకు ఖర్చులతో కలిపి అయిన మొత్తం; మెయిల్‌లో వచ్చిన, కొనుగోలు వివరమంతా ఉన్న ఆ కాగితం పేరే కాంట్రాక్ట్ నోటు. 50,000 అనేది ఆయన బ్రోకర్‌కు పంపిన డబ్బు. 85.52 అనేది బ్రోకర్ దగ్గర ఆయన ఖాతాలో తేలిన బాకీ. వీటిని ఒకదానితో ఒకటి కలిపే దారి తెలియకపోతే ఎంత లెక్కలు తెలిసినవారికైనా అయోమయమే. ఆ ఆదివారం మిర్యాలగూడ వెళ్లి, ఆయన పక్కన కూర్చుని వరసగా చేసిన పనినే ఇక్కడ రాస్తున్నాను. మీ నోటులో అంకెలు వేరుగా ఉంటాయి గానీ దారి ఇదే.

ముందు ఏయే కాగితాలు దగ్గర పెట్టుకోవాలి

కాంట్రాక్ట్ నోటును, బ్యాంకు పాసుబుక్కును పక్కపక్కన పెట్టి రెండూ కలవాలని చూడటంతోనే చాలామంది తప్పు మొదలవుతుంది. అవి నేరుగా కలవవు. మధ్యలో మూడో కాగితం ఉంది. అది బ్రోకర్ దగ్గర మీ పేరున నడిచే లెడ్జర్. మీరు పంపిన డబ్బు అందులో జమ అవుతుంది. కాంట్రాక్ట్ నోటు మొత్తం అందులో ఖర్చు పడుతుంది. బ్యాంకుతో పోల్చాల్సింది లెడ్జర్‌లోని జమలను, నోటుతో పోల్చాల్సింది లెడ్జర్‌లోని ఖర్చు పద్దును.

కాబట్టి నోటుతో పాటు, బ్రోకర్ యాప్ నుంచి గానీ వెబ్‌సైటు నుంచి గానీ లెడ్జర్ దించుకోండి. కొన్న రోజు నుంచి కాకుండా కనీసం ఒక నెల ముందు నుంచి తీసుకోండి. పాత నిలువ తెలియకుండా కొత్త లెక్క తేలదు. మామయ్య చిక్కుముడి అంతా ఆ పాత నిలువలోనే ఉంది. బ్యాంకు స్టేట్‌మెంటు, కొన్న షేర్లు ఉండే డీమ్యాట్ ఖాతా స్టేట్‌మెంటు కూడా అవే తేదీలకు తీసి పెట్టుకుంటే ఇక లేవాల్సిన పని లేదు.

నోటు సాధారణంగా పీడీఎఫ్ రూపంలో మెయిల్‌కు వస్తుంది. ఎక్కువ మంది బ్రోకర్లు దానికి పాస్‌వర్డుగా మీ పాన్ నంబరునే పెడతారు, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో. ట్రేడ్ జరిగిన 24 గంటల్లోగా నోటు పంపడం బ్రోకర్ బాధ్యత, ఇది షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ పెట్టిన నిబంధన. రాలేదంటే ముందు స్పామ్ పెట్టెలో వెతకండి. అక్కడా లేకపోతే మీ ఖాతాలో ఏ మెయిల్ చిరునామా, ఏ ఫోను నంబరు నమోదయ్యాయో తప్పకుండా చూడండి. చిన్న పట్టణాల్లో ఖాతా తెరిచేటప్పుడు మెయిల్ లేనివారికి ఆఫీసులో కుర్రవాళ్లు తమ మెయిల్ చిరునామానే రాసేస్తుంటారు. సాయం చేద్దామనే రాస్తారు కావచ్చు. కానీ మీ డబ్బు లెక్క మరొకరి పెట్టెలోకి వెళ్లడం ఎంతమాత్రం మంచిది కాదు. అలా ఉంటే ఈ రోజే మార్పించుకోండి.

నోటు తెరవగానే పై భాగంలో మీ పేరు, క్లయింట్ కోడు, పాన్, ట్రేడ్ తేదీ, సెటిల్‌మెంట్ తేదీ సరిచూడండి. మన దేశంలో 2023 జనవరి 27 నుంచి షేర్లన్నిటికీ సెటిల్‌మెంట్, అంటే డబ్బు, షేర్లు చేతులు మారడం, మరుసటి పనిదినానికే పూర్తవుతోంది. మామయ్య సోమవారం కొన్నారు కాబట్టి సెటిల్‌మెంట్ తేదీ మంగళవారం. మధ్యలో బ్యాంకులకు గానీ మార్కెట్‌కు గానీ సెలవు వస్తే అది ఒక రోజు జరుగుతుంది. అందుకే తేదీని ఊహించకుండా నోటులో ఉన్నదే చూడాలి.

ఒకే ఆర్డరు, రెండు వరసలు

పట్టికలోకి వెళ్లగానే మామయ్య మొదటి సందేహం వచ్చింది. "నేను ఒక్కసారే కదా 120 కొన్నది. ఇక్కడ రెండు వరసలు ఎందుకున్నాయి?"

ఆర్డరు వేరు, ట్రేడ్ వేరు. మీరు కొంటానని పంపింది ఆర్డరు. దానికి అమ్మేవారు దొరికిన ప్రతిసారీ ఒక ట్రేడ్. 120 షేర్లూ ఒకే మనిషి అమ్మకపోవచ్చు. మామయ్య ఆర్డరుకు ఒకరి దగ్గర 70, మరొకరి దగ్గర 50 దొరికాయి. నోటులో `Order No.` రెండు వరసల్లోనూ ఒకటే ఉంది, `Trade No.` మాత్రం వేర్వేరుగా ఉంది. ఆ రెండు నిలువు వరసలు చూస్తే సందేహం తీరిపోతుంది. ఆర్డరు నంబర్లు కూడా వేరుగా ఉండి, మీరు ఒక్క ఆర్డరే వేసి ఉంటే, అప్పుడు అడగాల్సిందే.

ఇప్పుడు కాగితం మీద రాసుకోండి:

70 × 412.30 = 28,861.00
50 × 412.75 = 20,637.50
మొత్తం 120 షేర్లు, 49,498.50 రూపాయలు

యాప్ చూపించిన అంకె ఇదే. దీన్ని 120తో భాగిస్తే సగటు ధర 412.49 వస్తుంది. యాప్‌లో షేరు పక్కన కనిపించే సగటు ధర సాధారణంగా ఇలా ఖర్చులు కలపకుండా వేసిందే. కొన్ని నోట్లలో మొదటి పేజీలో ఈ సగటు ధరతో ఒకే వరస ఉంటుంది, ట్రేడ్ల వివరం వెనక అనుబంధంలో ఉంటుంది. అప్పుడు వెనక పేజీలోంచి కూడండి. ముందు పేజీ అంకెను సరిచూడటమే కదా మన పని.

నోటులో ట్రేడ్ జరిగిన సమయం సెకన్లతో సహా ఉంటుంది. మీరు ఆర్డరు వేసిన వేళకు, ఈ వేళకు పొంతన ఉందా అని ఒక్కసారి చూడండి. ఫోనులో చెప్పి ఆర్డరు వేయించేవారికి ఇది మరీ ముఖ్యం. పదకొండు గంటలకు చెప్పిన ఆర్డరు మూడు గంటలకు ఎక్కువ ధరకు పడితే, ఆ సంగతి బయటపెట్టేది ఈ గడియే.

బ్రోకరేజీ: రెండుసార్లు కలిపే ప్రమాదం

అందరూ ఎక్కువగా తడబడేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

మామయ్య ఖాతా రకంలో డెలివరీకి, అంటే కొని ఉంచుకునే షేర్లకు, బ్రోకరేజీ నూటికి 30 పైసలు. ఖాతా తెరిచినప్పుడు సంతకం చేసిన టారిఫ్ కాగితంలో ఇది ఉంటుంది. మీ దగ్గర ఆ కాగితం లేకపోతే అడిగి తీసుకోండి. అది లేకుండా బ్రోకరేజీ సరిగ్గా పట్టారో లేదో తేల్చే మార్గం లేదు. కొందరు బ్రోకర్లు శాతం కాకుండా ఆర్డరుకు ఇంత అని నిర్ణీత మొత్తం తీసుకుంటారు, కొందరు డెలివరీకి అసలు తీసుకోరు. శాతం ఉన్నచోట షేరుకు కనీసం ఇన్ని పైసలు అనే షరతు కూడా ఉండవచ్చు. తక్కువ ధర షేర్లు కొనేవారికి ఆ కనీస మొత్తమే పెద్ద భారం అవుతుంది.

మొదటి వరసలో 412.30 మీద షేరుకు బ్రోకరేజీ 1.2369. 70 షేర్లకు 86.58. రెండో వరసలో 412.75 మీద 1.2383. 50 షేర్లకు 61.92. మొత్తం 148.50 రూపాయలు. 49,498.50కి నూటికి 30 పైసల చొప్పున వేసినా అంతే వస్తుంది. బ్రోకరేజీ సరిపోయింది.

ఇప్పుడు నోటులో `Net Rate per Unit` అనే నిలువు వరస చూడండి. మామయ్య నోటులో అక్కడ 413.5369 అని ఉంది. అంటే 412.30కి బ్రోకరేజీ 1.2369 కలిపేశారు. ఆ పక్కనున్న `Net Total` లోనూ అందువల్ల బ్రోకరేజీ కలిసే ఉంది. మొదటి వరస 28,947.58, రెండోది 20,699.42, రెండూ కలిపితే 49,647.00.

కింద పన్నుల భాగానికి వస్తే అక్కడ `Taxable Value of Supply (Brokerage)` అని మళ్లీ 148.50 కనిపిస్తుంది. మామయ్య దీన్ని 49,647కి కలిపి చూసి, నోటులో మొత్తం తప్పు పడిందని తేల్చేశారు. ఆ వరస అక్కడ ఉన్నది బ్రోకరేజీ మీద జీఎస్టీ లెక్క వేయడానికి ఆధారంగా మాత్రమే. ఆయన నోటులో అది ఇంకోసారి కలపాల్సిన మొత్తం కాదు.

అయితే అన్ని నోట్లూ ఇలాగే ఉండవు. కొన్నిటిలో పై పట్టికలో ఒట్టి ధరే ఉండి, కింది భాగంలోనే బ్రోకరేజీ మొదటిసారి కలుస్తుంది. మీ నోటు ఏ రకమో తెలుసుకోవడానికి ఒక్క పరీక్ష చాలు. `Pay in/Pay out Obligation` అనే వరసలో ఉన్న అంకెను మీరు కాగితం మీద వేసుకున్న ఒట్టి ధరతో పోల్చండి. రెండూ సమానమైతే బ్రోకరేజీ ఇంకా కలవలేదు, కింద కలపాలి. ఆ అంకె బ్రోకరేజీ మేరకు ఎక్కువ ఉంటే కలిసిపోయింది, మళ్లీ కలపకూడదు. మామయ్య నోటులో అక్కడ 49,647.00 ఉంది. కలిసిపోయింది.

ఈ మాట చెప్పగానే ఆయన పాత రోజులు గుర్తు చేసుకున్నారు. మార్కెట్ యార్డులో రైతు చేతికిచ్చే తక్‌పట్టీలో కూడా ఏ కోత ధరలోనే తీసేశారో, ఏది కింద విడిగా రాశారో ముందు చూసుకోవాలట. అది చూడకుండా కూడితే ఎవరి లెక్కైనా తప్పుతుందట. ఇక్కడి నుంచి ఆయనకు నా సాయం పెద్దగా అవసరం పడలేదు.

పన్నులు, రుసుములు ఒక్కొక్కటిగా

శాతాల్లో చూస్తే సున్నాలు లెక్కపెట్టడమే సరిపోతుంది. లక్ష రూపాయల కొనుగోలుకు ఎంత అని గుర్తు పెట్టుకుంటే నోటు మీద కళ్లు పరిగెత్తిస్తూనే తప్పు పట్టవచ్చు.

అన్నిటికంటే పెద్దది సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్, ఎస్‌టీటీ. డెలివరీకి లక్షకు 100 రూపాయలు, కొన్నా అమ్మినా. ఇది ఒట్టి ధర మీదే పడుతుంది, బ్రోకరేజీ కలిపిన ధర మీద కాదు. మామయ్యకు 49,498.50 మీద 49.50కి రవ్వంత తక్కువ వస్తుంది. ఎస్‌టీటీని దగ్గరి రూపాయికి సర్దుతారు కాబట్టి నోటులో 49 రూపాయలు ఉంది. యాభై పైసలు దాటి ఉంటే 50 అయ్యేది. ఈ సర్దుబాటు తెలియక అర్ధ రూపాయి తేడా కోసం గంటలు వెచ్చించినవారిని చూశాను.

తరువాతది స్టాంపు డ్యూటీ. 2020 జులై 1 నుంచి దేశమంతటా ఒకే రేటు, డెలివరీకి లక్షకు 15 రూపాయలు, కొనేవారికి మాత్రమే. మామయ్యకు 7.42 వస్తుంది, ఆయన నోటులో రూపాయికి సర్ది 7 రాశారు.

మూడోది ఎక్స్చేంజీ ట్రాన్సాక్షన్ చార్జీ. మామయ్య షేర్లు ఎన్ఎస్ఈలో కొన్నారు. అక్కడ 2024 అక్టోబరు 1న వచ్చిన రేటు ప్రకారం లక్షకు 2.97 రూపాయలు, అంటే ఆయనకు 1.47. అదే బీఎస్ఈలో కొని ఉంటే ఎక్కువ రకాల షేర్లకు లక్షకు 3.75 పడేది. ఈ రేట్లను ఎక్స్చేంజీలు అప్పుడప్పుడు మారుస్తుంటాయి. మీ లెక్కకు, నోటుకు ఇక్కడ కొద్ది పైసలు తేడా వస్తే, మీరు కొన్న రోజున అమల్లో ఉన్న రేటును ఎక్స్చేంజీ వెబ్‌సైటులో చూడండి. ఇక సెబీ రుసుము కోటికి 10 రూపాయలు. మామయ్యకు 5 పైసలు.

చివరిది జీఎస్టీ, 18 శాతం. దేని మీద అన్నదే ప్రశ్న. సేవలకు తీసుకున్న రుసుముల మీదే, అంటే బ్రోకరేజీ, ఎక్స్చేంజీ చార్జీ, సెబీ రుసుము ఈ మూడింటి మీదే. షేర్ల ధర మీద పడదు. ఎస్‌టీటీ, స్టాంపు డ్యూటీ స్వయంగా పన్నులే, వాటి మీదా పడదు. 148.50, 1.47, 0.05 కలిపితే 150.02. దాని మీద 18 శాతం 27 రూపాయలు.

ఆ 27 రూపాయలు మామయ్య నోటులో రెండు ముక్కలుగా ఉంది, సీజీఎస్టీ 13.50, ఎస్‌జీఎస్టీ 13.50. బ్రోకర్ జీఎస్టీ నమోదు తెలంగాణలోనే ఉంది, మామయ్య చిరునామా కూడా ఇక్కడిదే కాబట్టి అలా విడగొట్టారు. వేరే రాష్ట్రంలో నమోదైన బ్రోకర్ అయితే మొత్తం 27 రూపాయలూ ఐజీఎస్టీ కింద ఒకే వరసలో ఉంటుంది. మీరు కట్టేదాంట్లో తేడా రాదు. కానీ మూడు వరసల్లోనూ అంకెలు కనిపిస్తే మాత్రం ఆగి చూడండి.

కింది అంకె తేలడం

ఇప్పుడు మామయ్యే పెన్సిలు తీసుకుని రాశారు:

షేర్ల ధర, బ్రోకరేజీ కలిపి: 49,647.00
ఎక్స్చేంజీ చార్జీ: 1.47
సెబీ రుసుము: 0.05
జీఎస్టీ: 27.00
ఎస్‌టీటీ: 49.00
స్టాంపు డ్యూటీ: 7.00
చెల్లించాల్సింది: 49,731.52

నోటు చివర `Net Amount Receivable/Payable by Client` అన్న చోట ఉన్నది సరిగ్గా ఇదే. కొన్నప్పుడు ఇది మీరు చెల్లించాల్సిన మొత్తం కాబట్టి కొందరు బ్రోకర్లు మైనస్ గుర్తుతో, కొందరు బ్రాకెట్లలో, కొందరు పక్కన `Dr` అని వేస్తారు. మూడింటికీ అర్థం ఒకటే.

ఖర్చులన్నీ కలిపితే 233 రూపాయల 2 పైసలు. అందులో బ్రోకరేజీ, దాని మీద పడే జీఎస్టీ తీసేస్తే మిగిలింది 60 రూపాయల లోపే. తరచూ కొని అమ్మేవారికి ఏ బ్రోకర్ అయినా తప్పని భాగం ఎంత, బ్రోకర్‌ను బట్టి మారే భాగం ఎంత అన్నది ఈ విభజనలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. టారిఫ్ మార్చమని బ్రోకర్‌ను అడగాలనుకుంటే ఈ లెక్క వేసుకున్నాకే అడగండి.

ఒకే రోజు అదే షేరు కొంత కొని కొంత అమ్మితే లెక్క ఇంత సూటిగా ఉండదు. 120 కొని అదే రోజు 20 అమ్మారనుకోండి. ఆ 20 షేర్లు ఇంట్రాడే కిందికి పోతాయి. వాటికి ఎస్‌టీటీ అమ్మకం మీద మాత్రమే, లక్షకు 25 రూపాయలు. స్టాంపు డ్యూటీ కొనుగోలు మీద లక్షకు 3 రూపాయలు. మిగిలిన 100కే డెలివరీ రేట్లు. అలాంటి రోజున ముందు షేర్లను రెండు కుప్పలుగా విడదీసి, ఆ తరువాతే రేట్లు వేయండి.

లెడ్జర్ దాటి బ్యాంకులోకి

నోటు తేలింది. అసలు ఫిర్యాదు మాత్రం ఇంకా అలాగే ఉంది. యాభై వేలు పంపి 49,731.52 ఖర్చు పెడితే 268.48 మిగలాలి. లెడ్జర్ మాత్రం ఆయనే 85.52 ఇవ్వాలంటోంది. రెండింటికీ మధ్య తేడా ఎంత? 268.48, 85.52 కలిపితే 354 రూపాయలు.

ఇలా తేడాను ముందు ఒకే అంకెగా తేల్చుకోవడం చాలా ఉపయోగం. ఆ తరువాత లెడ్జర్ అంతా చదవనక్కర్లేదు, ఆ అంకెను వెతికితే చాలు. నెల ముందు నుంచి తీసిన లెడ్జర్‌లో పై వరసలోనే దొరికింది. డీమ్యాట్ ఖాతా వార్షిక నిర్వహణ రుసుము 300, దాని మీద జీఎస్టీ 54, మొత్తం 354 ఖర్చు. అప్పటికి ఖాతాలో డబ్బు లేదు కాబట్టి అది బాకీగా నిలిచింది. సోమవారం యాభై వేలు జమ కాగానే ముందు ఆ బాకీ తీరి 49,646.00 మిగిలింది. దాంట్లోంచి నోటు మొత్తం 49,731.52 పోతే 85.52 తక్కువ పడింది.

"అంత డబ్బు లేనప్పుడు ఆర్డరు ఎలా తీసుకున్నారు?" అని అడిగారు మామయ్య. న్యాయమైన ప్రశ్నే. ఆర్డరు వేసే సమయానికి షేర్ల ధర 49,498.50, చేతిలో 49,646 ఉంది, సరిపోయింది. ఖర్చులు సాయంత్రం నోటు తయారైనప్పుడు కలిశాయి. అప్పుడు తక్కువ పడింది. చేతిలో ఉన్న డబ్బంతటికీ షేర్లు కొనేవారికి ఇది తరచుగా జరుగుతుంది. ఆ బాకీ మీద బ్రోకర్ ఆలస్య రుసుము వేస్తారు, రేటు టారిఫ్ కాగితంలో ఉంటుంది. 85 రూపాయలకు అది పైసల్లోనే ఉంటుంది గానీ, నెలల తరబడి వదిలేస్తే లెడ్జర్ నిండా చిన్న చిన్న పద్దులు చేరి తరువాతి లెక్క చిక్కుపడుతుంది. మామయ్య అక్కడికక్కడే వంద రూపాయలు పంపారు.

బ్యాంకు వైపు చూసేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఒకే యాభై వేలు పాసుబుక్కులో డెబిట్‌గా, బ్రోకర్ లెడ్జర్‌లో క్రెడిట్‌గా ఉంటుంది. రెండూ ఎదురెదురుగా ఉండటమే సరైనది. తేదీని, మొత్తాన్ని, లావాదేవీ సూచిక సంఖ్యను రెండు చోట్లా కలిపి చూడండి. యూపీఐ అయితే 12 అంకెల సంఖ్య ఉంటుంది. బ్యాంకులో డెబిట్ పడి లెడ్జర్‌లో జమ కనిపించకపోతే ఆ సంఖ్యే మీకు ఆధారం. నెట్ బ్యాంకింగ్ ద్వారా పంపితే కొందరు బ్రోకర్లు చిన్న రుసుము కోస్తారు, అది లెడ్జర్‌లో విడి వరసగా వస్తుంది.

డబ్బు ఎప్పుడూ మీ సొంత బ్యాంకు ఖాతా నుంచి, బ్రోకర్ సంస్థ పేరున ఉన్న ఖాతాకే వెళ్లాలి. ఆఫీసులో పనిచేసే వ్యక్తి సొంత ఫోను నంబరుకు పంపిన డబ్బు మీ లెడ్జర్‌లోకి రాదు. తరువాత ఎంత వెతికినా ఏ నోటుతోనూ కలవదు.

కొన్నాళ్లకు మీరేమీ అమ్మకుండానే బ్రోకర్ నుంచి బ్యాంకుకు డబ్బు వచ్చినట్టు కనిపిస్తే కంగారు పడకండి. వాడకుండా ఉన్న నిలువను మీరు ఎంచుకున్న ప్రకారం నెలకో, మూడు నెలలకో ఒకసారి బ్రోకర్ తిరిగి పంపాలని సెబీ నిబంధన. లెడ్జర్‌లో అదే రోజున అంతే మొత్తం ఖర్చు పడి ఉంటుంది.

షేర్లు చేరాయా

డబ్బు కలిసింది కదా అని అక్కడితో ఆపకూడదు. సెటిల్‌మెంట్ తేదీ దాటాక డీమ్యాట్ ఖాతాలో 120 షేర్లు జమ అయ్యాయో లేదో చూడాలి, అదీ బ్రోకర్ యాప్‌లో కాదు. యాప్ బ్రోకర్ చూపించేది. అసలు ఖాతా ఉన్నది షేర్లను భద్రపరిచే డిపాజిటరీ సంస్థలైన సీడీఎస్ఎల్‌లో గానీ ఎన్ఎస్‌డీఎల్‌లో గానీ. ఆ సంస్థల వెబ్‌సైటులో మీరే నమోదు చేసుకుని నేరుగా చూడవచ్చు. లావాదేవీ జరిగిన నెలకు మెయిల్‌కు వచ్చే ఏకీకృత ఖాతా స్టేట్‌మెంటులోనూ ఉంటుంది. కంపెనీ పేర్లు దగ్గరదగ్గరగా ఉండవచ్చు కాబట్టి, `INE`తో మొదలయ్యే 12 అక్షరాల ఐసిన్ సంఖ్యను నోటులో ఉన్నదానితో పోల్చండి. మామయ్యకు మంగళవారం తేదీతో 120 జమ కనిపించింది.

ఆయన నోటు పుస్తకంలో ఈ షేర్ల కొనుగోలు ధర ఎంతని రాయాలి? యాప్ చెప్పిన 412.49 కాదు. చేతి నుంచి పోయింది లెక్కిస్తే షేరుకు 414.43. కానీ ఆదాయపు పన్ను కోసం మూలధన లాభం లెక్కించేటప్పుడు ఎస్‌టీటీని ఖర్చుగా చూపడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే 49,731.52 నుంచి ఆ 49 రూపాయలు తీసేసి 49,682.52, అంటే షేరుకు 414.02 అని రాసుకున్నారు. 354 రూపాయల వార్షిక రుసుము ఈ కొనుగోలుకు చెందింది కాదు కాబట్టి దాన్ని ఇందులో కలపలేదు.

అమ్మే రోజున నోటులో మూడు తేడాలుంటాయి. బ్రోకరేజీ, రుసుములు ధరకు కలవవు, ధర నుంచి తీసేస్తారు. స్టాంపు డ్యూటీ ఉండదు. డీమ్యాట్ నుంచి షేర్లు బయటికి పంపినందుకు డీపీ చార్జీ పడుతుంది, కానీ అది సాధారణంగా కాంట్రాక్ట్ నోటులో కనిపించదు, నేరుగా లెడ్జర్‌లో పడుతుంది. ఎన్ని షేర్లు అమ్మినా ఒక కంపెనీకి ఒక రోజుకు ఒక్కసారే. అమ్మాక నోటుకు, చేతికి వచ్చిన డబ్బుకు పది ఇరవై రూపాయల తేడా వస్తే ముందు దీన్నే వెతకండి.

ఇంత చూశాక కూడా తేలని తేడా ఉంటే, ముఖ్యంగా మీరు వేయని ట్రేడ్ నోటులో కనిపిస్తే, ఆఫీసులో నోటిమాటగా అడిగి ఊరుకోకండి. నోటు మీదే బ్రోకర్ ఫిర్యాదుల మెయిల్ చిరునామా ముద్రించి ఉంటుంది. నోటు సంఖ్య, ట్రేడ్ సంఖ్య, మీరు వేసిన లెక్క రాసి, ఆ రోజే దానికి పంపండి. ఆలస్యం చేస్తే ఆ ట్రేడ్‌ను మీరు ఒప్పుకున్నారని వాదించే అవకాశం ఇచ్చినట్టే. జవాబు తృప్తిగా లేకపోతే సెబీ ఫిర్యాదుల వేదిక `scores.sebi.gov.in`లో నమోదు చేయండి, అక్కడ 21 రోజుల్లోగా స్పందించాలి. అప్పటికీ తేలకపోతే `smartodr.in`లో రాజీకి, ఆ తరువాత మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు. అన్నిచోట్లా మొదట అడిగేది కాంట్రాక్ట్ నోటు, లెడ్జర్, బ్యాంకు స్టేట్‌మెంటే. మామయ్య ఆ మూడింటినీ ప్రింటు తీయించి, పెన్సిలుతో వేసిన లెక్క కాగితాన్ని పైన గుచ్చి, మిల్లు రోజుల నాటి ఫైలులో పెట్టుకున్నారు.